ప్రాజెక్టు డైరీ: 2.8 రెట్లు తగ్గిన జన్యువు, అసలు తగ్గని జన్యువు

ఎలుక కాలేయంలో ఒక జన్యువు పనితీరు ఒక మందు వల్ల మారుతుందా అన్నది ప్రశ్న. మందు ఇవ్వనివి 8, ఇచ్చినవి 8, మొత్తం 16 నమూనాలు. ఆర్‌ఎన్‌ఏ తీసి, దాన్ని సీడీఎన్‌ఏగా, అంటే డీఎన్‌ఏ నకలుగా మార్చి, క్వాంటిటేటివ్ పీసీఆర్‌తో కొలవడం పని. మొదటిసారి వచ్చిన ఫలితం చక్కగా కనిపించింది, కాని తప్పు. ఎక్కడ తప్పానో, ఎలా తెలిసిందో, ఏం మార్చానో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

దశ 1: మొదటి ఫలితం, దాని మీద అనుమానం

ఒక్కో నమూనా నుంచి సుమారు 30 మైక్రోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ, 50 మైక్రోలీటర్ల నీటిలో వచ్చింది. అందులో 1 మైక్రోగ్రామును ఆలిగో డీటీ ప్రైమర్‌తో సీడీఎన్‌ఏగా మార్చాను. ఈ ప్రైమర్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ 3' చివర ఉండే పాలీ-ఏ తోకకు అతుక్కుంటుంది. సీడీఎన్‌ఏను తయారుచేసే ఎంజైము, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, అక్కడి నుంచి మొదలుపెట్టి 5' చివర వైపు నడుస్తుంది. ఈ ఒక్క వాక్యంలోనే నా తప్పంతా దాగి ఉందని అప్పుడు తోచలేదు.

రిఫరెన్స్‌గా, అంటే మందుతో మారదనుకునే కొలబద్దగా, గ్యాప్‌డిహెచ్ జన్యువును పెట్టుకున్నాను. రెండు గుంపుల్లోనూ దాని సీక్యూ, అంటే సిగ్నల్ పైకి తేలే సైకిలు సంఖ్య, దాదాపు ఒకటే. నా జన్యువు మాత్రం, రిఫరెన్స్‌తో సరిచేశాక, మందు ఇచ్చిన గుంపులో సగటున 1.5 సైకిళ్లు ఆలస్యంగా వచ్చింది, అంటే 2.8 రెట్లు తగ్గినట్టు లెక్క.

ప్రయోగశాలలోని ఒక సీనియర్ ఆ ప్లేటును చూసి ఒక్క ప్రశ్న వేశారు: "రిఫరెన్స్ కదలలేదంటున్నారు, బాగానే ఉంది. కాని అది మెసెంజర్‌లో ఎక్కడ కూర్చుందో, మీ జన్యువు ప్రైమర్లు ఎక్కడ కూర్చున్నాయో చూశారా?" చూడలేదు. ఆ సాయంత్రం చూశాను. గ్యాప్‌డిహెచ్ ఆంప్లికాన్, అంటే పీసీఆర్ నకలు తీసే ముక్క, పాలీ-ఏ తోకకు సుమారు 250 బేసుల దూరంలోనే ఉంది. నా జన్యువు ఆంప్లికాన్ తోకకు 2,600 బేసుల ఎగువన, 5' చివరకు దగ్గరగా ఉంది. ఆర్‌ఎన్‌ఏ మధ్యలో ఎక్కడైనా విరిగి ఉంటే, తోక పక్కనున్న రిఫరెన్స్‌కు ఏమీ తెలియదు. 2,600 బేసుల ప్రయాణం చేయవలసిన ఎంజైము మాత్రం దారిలోనే ఆగిపోతుంది. నార్మలైజేషన్ ఈ తేడాను సరిదిద్దలేదు, ఎందుకంటే ఆ తేడా రిఫరెన్స్‌లో కనిపించదు.

ఇప్పటి లెక్క: నమూనాలు 16. ఒక్కోదానిలో వాడిన ఆర్‌ఎన్‌ఏ 1 మైక్రోగ్రాము, మిగిలింది 29.

దశ 2: స్పెక్ట్రోఫోటోమీటర్ చెప్పనిది

నేను ఆర్‌ఎన్‌ఏ బాగుందని ఎందుకు నమ్మానంటే, 260/280 నిష్పత్తి అన్నింటిలోనూ 1.98 నుంచి 2.08 మధ్య ఉంది. 260/230 కూడా 2 పైనే ఉంది. మొదటి నిష్పత్తి ప్రొటీన్, ఫినాల్ కలిసిపోలేదని చెబుతుంది. రెండోది గ్వానిడీన్ లవణాలు మిగల్లేదని చెబుతుంది. ఈ రెండిట్లో ఏదీ ఆర్‌ఎన్‌ఏ పొడవు గురించి ఏమీ చెప్పదు. నిలువెత్తు ఆర్‌ఎన్‌ఏ అయినా, దాన్ని వంద ముక్కలు చేసినా, 260 నానోమీటర్ల వద్ద దాదాపు అదే కాంతిని పీల్చుకుంటుంది. స్వచ్ఛత వేరు, సమగ్రత వేరు అని పుస్తకంలో చదివినదే అయినా, చేతిలో 2.0 కనిపిస్తే మనసు అక్కడితో ఆగిపోతుంది.

కనుక జెల్ వేశాను. మొదటి జెల్ పూర్తిగా పాడైంది. పదహారు వరుసల్లోనూ బ్యాండ్లు లేవు, కింద వరకు పొగలాంటి మరక మాత్రమే ఉంది. అదృష్టం ఏమిటంటే, ఇదివరకు బాగుందని రుజువైన ఒక పాత ఆర్‌ఎన్‌ఏను పదిహేడో వరుసలో పెట్టాను. అదీ అలాగే కరిగిపోయింది. అంటే దోషం నమూనాలది కాదు, జెల్‌ది. ఆ తొట్టిలో అంతకుముందు ప్లాస్మిడ్ మినీప్రెప్‌లు నడిపారు, వాటిలో ఆర్‌ఎన్‌ఏను కోసే ఆర్‌ఎన్‌ఏజ్ ఏ కలుపుతారు. ఆ ఎంజైము తొట్టి గోడలకు, దువ్వెన పళ్లకు అంటుకుని ఉంటుంది, ఉడకబెట్టినా సులభంగా చావదు. ఆ పదిహేడో వరుస లేకపోతే పదహారు నమూనాలనూ పారేసేవాణ్ని.

రెండో జెల్‌కు బ్లీచ్ పద్ధతి వాడాను. ఫార్మాల్డిహైడ్ పొగలు లేకుండా దాదాపు అంతే స్పష్టత ఇస్తుంది.

1. 1 శాతం అగరోజ్ పొడిని టీఏఈ బఫర్‌లో కలిపి, వేడి చేయక ముందే, 100 మిల్లీలీటర్లకు 1 మిల్లీలీటరు మామూలు ఇంటి బ్లీచ్ (సుమారు 6 శాతం సోడియం హైపోక్లోరైట్) పోశాను.
2. గది ఉష్ణోగ్రతలో 5 నిమిషాలు అప్పుడప్పుడు కదుపుతూ ఉంచాను. ఈ సమయంలోనే ఆర్‌ఎన్‌ఏజ్ చెడుతుంది.
3. తర్వాత కరిగించి, చల్లారాక రంగు కలిపి పోశాను. తొట్టిని, దువ్వెనను కూడా బ్లీచ్‌తో కడిగి, శుభ్రమైన నీటితో కడిగాను.
4. ఒక్కో నమూనా నుంచి 500 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏను ఫార్మమైడ్ ఉన్న లోడింగ్ డైతో కలిపి, 70 డిగ్రీల వద్ద 5 నిమిషాలు వేడి చేసి, వెంటనే మంచులో పెట్టాను. ఆర్‌ఎన్‌ఏ తనలో తాను మడుచుకుని ఉంటే బ్యాండ్ తప్పు చోట కనిపిస్తుంది, అందుకీ వేడి.

ఈసారి పాత ఆర్‌ఎన్‌ఏ రెండు పదునైన బ్యాండ్లు చూపింది: పైన 28ఎస్, కింద 18ఎస్. ఎలుకలో వీటి పొడవులు సుమారు 4.7, 1.9 కిలోబేసులు. మొత్తం ఆర్‌ఎన్‌ఏలో 80 శాతానికి పైగా రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏనే కాబట్టి మనం చూసేది దాన్నే. మెసెంజర్ పరిస్థితిని దాని నుంచి ఊహిస్తాం. బాగున్న ఆర్‌ఎన్‌ఏలో పై బ్యాండ్ కాంతి కింది దానికి దాదాపు రెట్టింపు ఉండాలి.

మందు ఇవ్వని ఎనిమిదింటిలో నిష్పత్తి 1.7 నుంచి 2.0 వరకు వచ్చింది. మందు ఇచ్చిన ఎనిమిదింటిలో సగటు 0.7. 13వ నమూనాలో 28ఎస్ ఉందో లేదో కళ్లు చికిలించి చూడవలసి వచ్చింది, 18ఎస్ కింద మాత్రం జెల్ అడుగుదాకా మసక పరుచుకుని ఉంది. మొదటి ప్లేటులో నా జన్యువు అందరికంటే ఎక్కువగా "తగ్గిన" నమూనా కూడా 13వదే.

ఇప్పటి లెక్క: రెండు జెల్‌లకు 1 మైక్రోగ్రాము, స్పెక్ట్రోకు 0.6. ఒక్కో ట్యూబులో మిగిలింది 27.4 మైక్రోగ్రాములు.

దశ 3: ఎందుకు ఒక గుంపే చెడింది

నోటుపుస్తకం తిరగేశాను. మందు ఇవ్వని ఎలుకల కాలేయాలను ఉదయం కోశాం, రెండో గుంపును సాయంత్రం. ఉదయం ముక్కలు సన్నగా ఉన్నాయి. సాయంత్రం తొందరలో దాదాపు సెంటీమీటరు మందంతో కోసి, ఆర్‌ఎన్‌ఏను నిలబెట్టే ద్రావణంలో వేశాం. ఆ ద్రావణం అర సెంటీమీటరుకు మించిన మందంలోకి సకాలంలో ఇంకదు. ముక్క పైపొర భద్రంగా ఉంటుంది, లోపలి గుజ్జులో కణాల సొంత ఆర్‌ఎన్‌ఏజ్‌లు నింపాదిగా పని చేసుకుంటాయి. కాలేయంలో ఆ ఎంజైములకు కొరత లేదు.

అంటే మందుకూ ఆర్‌ఎన్‌ఏ విరగడానికీ మధ్య సంబంధం మేమే సృష్టించాం. రెండు గుంపుల్లోనూ సమానంగా విరిగి ఉంటే అది కొలతను గజిబిజి చేసేది. ఒకే గుంపులో విరగడం వల్ల అది ఫలితంలా కనిపించింది. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఏమిటంటే, నమూనాల సంఖ్యను పెంచి ఉంటే ఆ అబద్ధపు తేడాకు గణాంకపు బలం కూడా పెరిగేది.

దశ 4: 3', 5' చివరల మధ్య తేడా కొలవడం

జెల్ చూపింది రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏను. నాకు కావలసింది మెసెంజర్. కనుక నా జన్యువుకే రెండో ప్రైమర్ల జతను, తోకకు 200 బేసుల దూరంలో రూపొందించాను. ఒకే సీడీఎన్‌ఏలో రెండు ఆంప్లికాన్లనూ కొలిచి, వాటి సీక్యూల తేడా చూడటం ఉద్దేశం.

ఈ తేడాకు అర్థం ఉండాలంటే రెండు జతలూ దాదాపు సమాన సామర్థ్యంతో పని చేయాలి. సీడీఎన్‌ఏను అయిదు మెట్లుగా పలచన చేసి సీక్యూ గీత వాలు చూశాను. 3' జతకు -3.35, 5' జతకు -3.40.

```
E = 10^(-1/slope) - 1
```

వరుసగా 98.8 శాతం, 96.8 శాతం. ఈపాటి తేడా సరిపోతుంది. కొత్తగా ఆర్‌ఎన్‌ఏ ఖర్చు లేదు, మొదటి దశలో మిగిలిన సీడీఎన్‌ఏనే వాడాను.

మందు ఇవ్వని గుంపు సగటు: 3' జత 22.1, 5' జత 22.8. తేడా 0.7.
మందు ఇచ్చిన గుంపు సగటు: 3' జత 22.2, 5' జత 24.4. తేడా 2.2.

బాగున్న ఆర్‌ఎన్‌ఏలో కూడా తేడా సున్నా కాదు. ఎంజైము ప్రతిసారీ చివరదాకా నడవదు, అందుకే 0.7. దాన్ని ఆధారరేఖగా తీసుకుంటే రెండో గుంపులో అదనంగా వచ్చింది 1.5 సైకిళ్లు. మొదటి ప్లేటులో నేను జన్యువు "తగ్గింది" అనుకున్నది కూడా 1.5 సైకిళ్లే. తోక పక్కన కొలిస్తే ఆ జన్యువు తగ్గనే లేదు: 22.1, 22.2.

ఒక సందేహం మిగిలింది. మందు వల్ల ఈ జన్యువు నుంచి 5' భాగం లేని పొట్టి రకం మెసెంజర్ ఎక్కువగా తయారైతే కూడా ఇదే చిత్రం కనిపిస్తుంది. విరగడమే కారణమైతే అది ఏ ఒక్క జన్యువుకో పరిమితం కాదు, దూరాన్ని బట్టి అన్నిటినీ తాకాలి. నా జన్యువులో రెండు ఆంప్లికాన్ల మధ్య దూరం 2.4 కిలోబేసులు, అదనపు నష్టం 1.5 సైకిళ్లు, అంటే కిలోబేసుకు సుమారు 0.63 సైకిళ్లు. గ్యాప్‌డిహెచ్‌లో కూడా తోకకు 1,100 బేసుల దూరంలో ఒక ఆంప్లికాన్ పెట్టి, పాత 250 బేసుల దానితో పోల్చాను. మధ్య దూరం 0.85 కిలోబేసులు, కాబట్టి 0.53 సైకిళ్ల అదనపు నష్టం కనిపించాలి. కొలిస్తే 0.5 వచ్చింది. అదే వేగాన్ని 28ఎస్‌కు అన్వయిస్తే దాదాపు ఏడెనిమిదింట ఒక వంతే చెక్కుచెదరకుండా మిగలాలి, 18ఎస్ సగానికి కొంచెం తక్కువ మిగలాలి. అప్పుడు రెండిటి నిష్పత్తి 2 నుంచి 0.6కు పడిపోతుంది. జెల్ 0.7 చూపింది. రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ, మెసెంజర్ ఒకే వేగంతో విరుగుతాయన్న హామీ ఏదీ లేదు, కాని ఈసారి మూడు కొలతలూ ఒకే మాట చెప్పాయి.

దశ 5: ప్రైమర్ మార్చడం, మధ్యలో పాడుచేసుకున్న నాలుగు ట్యూబులు

అదే పాత ఆర్‌ఎన్‌ఏను రాండమ్ హెక్సమర్లతో మార్చి చూడాలనుకున్నాను. ఆరు బేసుల ఈ ప్రైమర్లు తోక మీద ఆధారపడవు, ఆర్‌ఎన్‌ఏ పొడవునా ఎక్కడైనా అతుక్కుంటాయి. విరిగిన ముక్కకు తోక లేకపోయినా సీడీఎన్‌ఏ తయారవుతుంది. అయితే హెక్సమర్లు జీనోమిక్ డీఎన్‌ఏను తొలగించవు, ఏ ప్రైమరూ తొలగించదు. నా మొదటి ప్లేటులో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని కంట్రోల్ లేదు. అది నా రెండో తప్పు. గ్యాప్‌డిహెచ్‌కు ఎలుక జీనోములో ఇంట్రాన్లు లేని నకలు జన్యువులు వందల్లో ఉన్నాయి కాబట్టి, ఎక్సాన్ సంధి మీద ప్రైమర్ పెట్టినా డీఎన్‌ఏ నుంచి తప్పించుకోలేం. డీఎన్‌ఏను కోసే డీఎన్‌ఏజ్ తప్పనిసరి.

ముందుగా నాలుగు నమూనాలతో ప్రయత్నించాను. డీఎన్‌ఏజ్‌ను ఆపడానికి పాత కాగితంలో రాసి ఉన్నట్టు 75 డిగ్రీల వద్ద 10 నిమిషాలు వేడి చేశాను. అదే కాగితంలో దానికి ముందు వాక్యం, మెగ్నీషియంను పట్టేసే ఈడీటీఏ కలపమని చెప్పేది, చదవకుండా దాటేశాను. డీఎన్‌ఏజ్ బఫర్‌లో మెగ్నీషియం ఉంటుంది. వేడి, మెగ్నీషియం కలిస్తే ఆర్‌ఎన్‌ఏ వెన్నెముక రసాయనికంగానే తెగుతుంది, అందుకు ఏ ఎంజైమూ అక్కర్లేదు. అనుమానంతో చిన్న జెల్ వేస్తే, మందు ఇవ్వని మంచి నమూనాల్లో కూడా 28ఎస్ మసకబారింది. మంచి ఆర్‌ఎన్‌ఏను నా చేతులతోనే చెడగొట్టాను.

మార్చిన తర్వాత నిలిచిన పద్ధతి ఇది:

1. ఆర్‌ఎన్‌ఏ 1 మైక్రోగ్రాము, డీఎన్‌ఏజ్ 1 యూనిట్, దాని బఫర్, మొత్తం 10 మైక్రోలీటర్లు. గది ఉష్ణోగ్రతలో 15 నిమిషాలు.
2. 25 మిల్లీమోలార్ ఈడీటీఏ 1 మైక్రోలీటరు. ఇది ముందు, ఆ తర్వాతే 65 డిగ్రీలు, 10 నిమిషాలు.
3. 50 మైక్రోమోలార్ హెక్సమర్లు 1 మైక్రోలీటరు, 10 మిల్లీమోలార్ డీఎన్‌టీపీలు 1 మైక్రోలీటరు. 65 డిగ్రీలు 5 నిమిషాలు, వెంటనే మంచులో 1 నిమిషం.
4. అయిదు రెట్ల బఫర్ 4 మైక్రోలీటర్లు, డీటీటీ, ఆర్‌ఎన్‌ఏజ్ ఇన్‌హిబిటర్, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఒక్కొక్కటి 1 మైక్రోలీటరు. మొత్తం 20.
5. 25 డిగ్రీలు 10 నిమిషాలు, 50 డిగ్రీలు 40 నిమిషాలు, 80 డిగ్రీలు 10 నిమిషాలు.
6. ప్రతి నమూనాకు ఎంజైము బదులు నీరు పోసిన జంట ట్యూబు.

అయిదో అంగలోని 25 డిగ్రీల మజిలీని దాటవేయకూడదు. ఆరు బేసుల ప్రైమర్ 50 డిగ్రీల వద్ద నిలబడలేదు. ఎంజైము దాన్ని కొంత పొడిగించాకే వేడిని తట్టుకుంటుంది. ఆలిగో డీటీ పద్ధతికి అలవాటు పడినవారు నేరుగా 50కి వెళ్లడం సులభంగా జరిగే పొరపాటు.

ఎంజైము లేని జంటల్లో గ్యాప్‌డిహెచ్ సీక్యూ డీఎన్‌ఏజ్‌కు ముందు 27.5 ఉండేది, తర్వాత 35 దాటింది. ఎంజైము ఉన్న ట్యూబులో 17.5 వచ్చే జన్యువుకు 27.5 అంటే పది సైకిళ్లు, సుమారు వెయ్యిలో ఒక వంతు, పట్టించుకోనక్కర్లేదు. అదే కలుషితం 30 వద్ద వచ్చే బలహీన జన్యువులో 32గా కనిపిస్తే, కొలిచినదాంట్లో నాలుగో వంతు డీఎన్‌ఏదే అవుతుంది.

పాత ఆర్‌ఎన్‌ఏ, కొత్త ప్రైమర్లు: 5' జత సీక్యూ మందు ఇవ్వని గుంపులో 23.0, ఇచ్చిన గుంపులో 23.2. 1.5 కాస్తా 0.2 అయింది. ఇక్కడ ఒక హెచ్చరిక: ఈ 23.0ను ఆలిగో డీటీతో వచ్చిన 22.8తో పోల్చి ఏమీ చెప్పకూడదు. ప్రైమర్ మారితే సీడీఎన్‌ఏ దిగుబడి మారుతుంది, పోలిక ఒకే పద్ధతి లోపలే చెల్లుతుంది.

ఇప్పటి లెక్క: జంట ట్యూబులతో కలిపి 2 మైక్రోగ్రాములు పోగా 25.4 మిగిలాయి. చెడిన నాలుగింటిలో మరో 2 తక్కువ.

దశ 6: మళ్లీ మొదటి నుంచి

హెక్సమర్లు విరిగిన ఆర్‌ఎన్‌ఏను బాగుచేయవు, దాని ప్రభావాన్ని తగ్గిస్తాయంతే. ఆంప్లికాన్ లోపలే తెగితే ఏ ప్రైమరూ కాపాడదు; అందుకే ఆంప్లికాన్‌ను 120 బేసులకు కుదించాను. ఆపైన, ప్రొటీన్ పని కోసం అవే కాలేయాల మరో తమ్మెను అప్పటికప్పుడే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి ఉంచాం కాబట్టి, దాని నుంచి కొత్తగా ఆర్‌ఎన్‌ఏ తీశాను.

ఈసారి రెండు మార్పులు చేశాను. గుంపుల వారీగా కాకుండా, చీటీలు తీసి వచ్చిన క్రమంలో నమూనాలను తీశాను. కణజాలాన్ని ద్రవ నత్రజనిలోనే రోలులో పొడి చేసి, 30 మిల్లీగ్రాముల పొడిని కరగక ముందే గ్వానిడీన్ ద్రావణంలోకి జార్చాను. గడ్డకట్టిన కణజాలం కరిగే ఆ కొద్ది నిమిషాల్లోనే పగిలిన కణాల నుంచి ఎంజైములు బయటపడతాయి.

నా జన్యువు ఫలితం చూడకముందే ఒక హద్దు రాసుకున్నాను: జెల్‌లో నిష్పత్తి 1.5 కన్నా తక్కువైనా, ఆలిగో డీటీతో చేసిన చిన్న పరీక్షలో 5', 3' తేడా 1.2 దాటినా ఆ నమూనా లెక్కలోకి రాదు. ఫలితం చూశాక హద్దు గీస్తే, మనకు నచ్చని నమూనా మీదే గీత పడుతుంది. 6వ నమూనా, మందు ఇవ్వనిది, నిష్పత్తి 1.1తో బయటికి పోయింది; దాని పొడి చెంచాకు అంటుకుని గరాటు అంచున కరిగింది, అది నా కళ్లముందే జరిగింది. మిగిలిన పదిహేనింటిలో 5', 3' తేడా 0.6 నుంచి 0.9 వరకు ఉంది.

పదిహేను నమూనాలు, హెక్సమర్లు, రిఫరెన్స్‌తో సరిచేశాక రెండు గుంపుల మధ్య తేడా 0.1 సైకిలు, 1.07 రెట్లు. 13వ నమూనా ఈసారి గుంపు మధ్యలో ఉంది.

చివరి లెక్క: నమూనాలు 16లో 15. పాడైన జెల్ 1, పాడైన డీఎన్‌ఏజ్ ట్యూబులు 4. పాత ట్యూబులు -80లోనే ఉన్నాయి, మూతల మీద "3' మాత్రమే" అని రాసి పెట్టాను.